షాపింగ్ మాల్‌లో అత్యవసర దీపాలు, ఎగ్జిట్ బోర్డులు: అమరిక, బ్యాటరీ వ్యవధి పరీక్ష

నిర్వచనం

మామూలు దీపాలు ఆరిపోయినప్పుడు జనం భవనం వదిలి వెళ్లేందుకు సరిపడే వెలుగును వేరే విద్యుత్ వనరు నుంచి ఇచ్చే ఏర్పాటును అత్యవసర దీప వ్యవస్థ అంటారు. ఏ వైపు నడిస్తే బయటపడతారో చూపే, లోపలి నుంచి వెలిగే పలకలు ఎగ్జిట్ బోర్డులు. ఈ రెండూ వేర్వేరు వస్తువులే అయినా పని ఒక్కటే. బోర్డు కనిపించినా కింద మెట్టు కనిపించకపోతే మనిషి ఆగిపోతాడు. మెట్టు కనిపించినా దిక్కు తెలియకపోతే వచ్చిన దారినే వెనక్కి పరుగెడతాడు.

జనరేటర్ ఈ వ్యవస్థకు ప్రత్యామ్నాయం కాదు. కరెంటు పోయాక జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. పైగా మంటలు విద్యుత్ గదిలోనే పుట్టినా, ఒక అంతస్తుకు వెళ్లే కేబుల్ కాలిపోయినా జనరేటర్ నడుస్తూనే ఉంటుంది, ఆ అంతస్తు మాత్రం చీకట్లో ఉంటుంది. అందుకే అత్యవసర దీపాలకు బ్యాటరీయే ఆధారం.

చారిత్రక నేపథ్యం

పెద్ద దుకాణాల్లో అగ్నిప్రమాదాలు ఈ ఏర్పాటును ముందుకు నడిపించాయి. జపాన్‌లోని ఒసాకాలో 1972 మే 13న సెన్నిచి డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనంలో మంటలు రేగి 118 మంది మరణించారు. మంటలు పుట్టింది కింది అంతస్తుల్లో. చనిపోయినవారు పై అంతస్తులోని క్యాబరేలో ఉన్నారు. మరుసటి ఏడాది కుమామోతో నగరంలో తాయో డిపార్ట్‌మెంట్ స్టోర్ ప్రమాదంలో వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత జపాన్ కొత్త నిర్గమ చిహ్నం కోసం పోటీ పెట్టింది. గెలిచిన బొమ్మను యుకియో ఓటా బృందం మెరుగుపరిచింది. ఆకుపచ్చ నేపథ్యంలో తలుపు గుండా పరుగెత్తే మనిషి బొమ్మ అలా వచ్చింది. 1980లలో అది అంతర్జాతీయ ప్రమాణాల్లోకి చేరింది. చదువు, భాష అక్కర లేకుండా అర్థమయ్యే బొమ్మ కాబట్టి అనేక దేశాల్లో అక్షరాల బోర్డుల స్థానంలోకి వచ్చింది. అమెరికాలో మాత్రం అక్షరాల బోర్డులే ఇప్పటికీ ఎక్కువ.

భారతదేశంలో 1997 జూన్ 13 నాటి ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు దుర్ఘటన ఈ విషయంలో ప్రధాన పాఠం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలైన మంటల పొగ హాల్లోకి చేరింది, కరెంటు పోయింది, బాల్కనీ చీకటైంది. అదనపు సీట్ల కోసం ఒక దారిని ముందే మూసేశారు. 59 మంది మరణించారు. దీపాలు, దారి, బోర్డు మూడింటినీ కలిపి చూడాలన్న విషయాన్ని ఆ కేసు మీద సాగిన సుదీర్ఘ న్యాయ విచారణ స్పష్టం చేసింది.

రకాలు

ఎప్పుడూ వెలిగి ఉండేవి ఒక రకం, కరెంటు పోయినప్పుడే వెలిగేవి మరో రకం. ఎగ్జిట్ బోర్డులు, మల్టీప్లెక్స్ హాళ్లలోని దారి దీపాలు మొదటి రకంగా ఉండాలి. ఎందుకంటే హాల్లో చీకటి ప్రమాదానికి గుర్తు కాదు, అక్కడ చీకటే మామూలు.

బ్యాటరీ ఎక్కడుందన్నదాన్ని బట్టి మరో విభజన ఉంది. ప్రతి దీపంలోనూ చిన్న బ్యాటరీ ఉండే విధానంలో ఒకటి చెడినా మిగతావి పనిచేస్తాయి. కానీ వందల బ్యాటరీలు ఫాల్స్ సీలింగ్ వేడిలో ఉంటాయి, ఒక్కోదాన్ని విడిగా పరీక్షించాలి. కేంద్ర బ్యాటరీ విధానంలో ఒక గదిలోని బ్యాటరీల వరుస నుంచి అంతస్తు మొత్తానికి కరెంటు వెళ్తుంది. తనిఖీ తేలిక. అయితే ఆ గది నుంచి దీపాల దాకా వెళ్లే కేబుల్ మంటను తట్టుకునేదై ఉండాలి. మాల్ లాంటి పెద్ద భవనానికి రెండో విధానం ఎక్కువ అనుకూలం. ఈ వ్యాసంలోని లెక్క దానికి సంబంధించినదే.

బోర్డుల అమరిక (చూ. నిర్గమ మార్గం, ఎస్కలేటర్)

మాల్ కట్టడంలోనే ఒక చిక్కు ఉంది. జనం లోపలికి వచ్చేది మధ్యలోని ఖాళీ చుట్టూ ఉన్న ఎస్కలేటర్ల మీదుగా. బయటపడాల్సింది షాపుల వెనక, చాలాసార్లు టాయ్‌లెట్ల పక్క సందులో ఉన్న మెట్ల మీదుగా. రోజూ వచ్చే కొనుగోలుదారు ఆ మెట్లను ఒక్కసారైనా చూసి ఉండడు. భారత జాతీయ భవన నిర్మాణ స్మృతి లిఫ్టులను, ఎస్కలేటర్లను నిర్గమ మార్గాలుగా లెక్కించదు. మధ్యలోని ఖాళీ గుండా పొగ పైకి ఎక్కుతుంది కాబట్టి, ప్రమాదంలో జనం సహజంగా వెళ్లే చోటే అత్యంత అపాయకరమైన చోటు కావచ్చు.

కాబట్టి అమరిక ఎస్కలేటర్ దగ్గర మొదలవుతుంది. ఎస్కలేటర్ ఎక్కే, దిగే చోట దగ్గరి మెట్లవైపు చూపే బోర్డు ఉండాలి. తర్వాతిది షాపుల వరుస మధ్య నుంచి మెట్లవైపు తిరిగే సందు మొగ. ఇక్కడ గోడకు అతికించిన బోర్డు దాదాపు వృథా, ఎందుకంటే వరండాలో నడిచేవారికి అది అంచునుంచే కనిపిస్తుంది. నడిచే దిశకు అడ్డంగా, రెండువైపులా బొమ్మ ఉన్న బోర్డును పైకప్పు నుంచి వేలాడదీయాలి. సందు లోపల మలుపు ఉంటే అక్కడొకటి, మెట్ల తలుపు మీద ఒకటి. ఒక బోర్డు కింద నిలబడితే తరువాతి బోర్డు కనిపించాలి. ఈ గొలుసు ఎక్కడా తెగకూడదు.

దూరానికి లెక్క సులభం. యూరప్ ప్రమాణం ప్రకారం లోపలి నుంచి వెలిగే బోర్డును దాని బొమ్మ ఎత్తుకు 200 రెట్ల దూరం నుంచి, బయటి దీపం పడే బోర్డును 100 రెట్ల దూరం నుంచి గుర్తుపట్టవచ్చు. 150 మిల్లీమీటర్ల బొమ్మ అయితే మొదటిది 30 మీటర్లు, రెండోది 15 మీటర్లు. భారత స్మృతి కూడా నిర్గమ మార్గంలో ఏ చోటి నుంచైనా 30 మీటర్లలోపు ఒక దిశాసూచిక కనిపించాలంటుంది. మధ్య ఖాళీకి అవతలి వైపున 50 మీటర్ల దూరంలో నిలిచినవారికి కూడా కనిపించాలంటే బొమ్మ 250 మిల్లీమీటర్లు ఉండాలి, లేదా ఇవతలి వైపు మరో బోర్డు ఉండాలి.

మెట్లలోనూ ఒక చిక్కు ఉంది. పై అంతస్తుల నుంచి దిగేవారు గ్రౌండ్ ఫ్లోర్ దాటి బేస్‌మెంట్‌లోకి వెళ్లిపోతారు, ముఖ్యంగా పొగలో, గుంపులో. పై అంతస్తుల మెట్లు నేరుగా బేస్‌మెంట్‌లోకి కొనసాగకూడదన్నది అందుకే. పాత భవనాల్లో కొనసాగుతుంటే గ్రౌండ్ ల్యాండింగ్‌లో అడ్డు గేటు, బయటి తలుపు మీద పెద్ద బోర్డు తప్పనిసరి. ప్రతి ల్యాండింగ్‌లో మెట్లకు ఎదురుగా అంతస్తు సంఖ్య పలక కూడా ఉండాలి. అది అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పుకు తగ్గకూడదు.

బోర్డును కొన్నేళ్లకు కనిపించకుండా చేసేది కరెంటు కాదు, వ్యాపారం. ఆషాఢం సేల్ బ్యానరు, దీపావళి దండలు, కొత్తగా తెరిచిన షాపు నేమ్‌బోర్డు బోర్డు ముందు వేలాడతాయి. ప్రారంభ తనిఖీలో కనిపించిన బోర్డు పండుగ సీజన్లో కనిపించకపోవడం సాధారణం. అందువల్ల బోర్డుల తనిఖీ రద్దీ రోజుల్లోనే జరగాలి.

దీపాల అమరిక (చూ. ప్రకాశం, లక్స్)

భారత స్మృతి ప్రకారం నిర్గమ మార్గం మధ్య గీత మీద నేల దగ్గర కనీసం 10 లక్స్ వెలుగు ఉండాలి. యూరప్ ప్రమాణంలో ఇది 1 లక్స్ మాత్రమే. అమెరికా ప్రమాణం ప్రారంభంలో సగటున 10.8 లక్స్ కోరుతుంది. కాబట్టి బయటి దేశం కోసం తయారైన డిజైన్‌ను యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే మన ప్రమాణానికి పదో వంతే రావచ్చు.

దీపాలు ఏ చోట్ల ఉండాలో స్మృతి పేర్కొంది: వరండాలు కలిసే కూడళ్లు, మలుపులు, ప్రతి నిర్గమ తలుపు, నేల ఎత్తు మారే ప్రతి చోటు, మెట్ల ప్రతి వరుస, ఫైర్ అలారం బటన్, అగ్నిమాపక పరికరాలు, చివరి తలుపు బయట. వీటికి ‘దగ్గర’ అంటే అడ్డంగా 2 మీటర్లలోపు. చివరి తలుపు బయటిదే ఎక్కువగా మరిచిపోతారు. వెలుగులోంచి వచ్చినవాళ్లు చీకటి వాకిట్లో ఆగితే వెనక గుంపు కూడా ఆగుతుంది.

రెండు దీపాల మధ్య దూరాన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. 3 మీటర్ల ఎత్తులో 500 ల్యూమెన్ల వెలుగిచ్చే 5 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు వరుసగా ఉన్నాయి. దీపం కింద సుమారు 18 లక్స్ వస్తుంది, అసలు సమస్య రెండింటి మధ్య. 5 మీటర్లకొకటి పెడితే మధ్యలో 13 లక్స్ దాకా వస్తుంది. ధూళి, వయసు కారణంగా ఐదో వంతు తగ్గినా 10 నిలుస్తుంది. 6 మీటర్లకు పెంచితే కొత్త దీపాలతోనే మధ్యలో 9 మాత్రమే వస్తుంది. ఒక్క మీటరు ఆదా చేస్తే ప్రమాణం తప్పుతుంది. పైగా చాలా దీపాలు బ్యాటరీ మీద తక్కువ వెలుగిస్తాయి. తయారీదారు కాగితంలో మామూలు వెలుగు, బ్యాటరీ వెలుగు విడివిడిగా ఉంటాయి. లెక్క రెండోదానితో వేయాలి.

పక్కపక్క దీపాలను ఒకే సర్క్యూట్‌కు ఇవ్వకూడదు. ఒకటి విడిచి ఒకటిగా రెండు సర్క్యూట్లకు పంచితే, ఒకటి తెగినా దారి పూర్తిగా చీకటి కాదు. ఈ పంపకం బ్యాటరీ పరీక్షకూ పనికొస్తుంది.

బ్యాటరీ పరిమాణం: ఒక అంతస్తు లెక్క

అత్యవసర దీపాలు కనీసం గంటన్నర వెలగాలన్నది భారత స్మృతి నిబంధన. అమెరికాలోనూ 90 నిమిషాలే. మాల్ ఖాళీ కావడానికి అంత సేపు పట్టదు. కానీ అగ్నిమాపక సిబ్బంది వచ్చి, చిక్కుకున్నవారి కోసం గదులు వెతికే సమయం కూడా ఇందులో ఉంది.

ఊహాత్మకంగా ఒక అంతస్తు తీసుకుందాం. 300 మీటర్ల మార్గం మీద 5 వాట్ల దీపాలు 60, 3 వాట్ల బోర్డులు 40. మొత్తం 420 వాట్లు. ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 494 వాట్లు లాగాలి. గంటన్నరకు 741 వాట్-గంటలు. 48 వోల్ట్ల వరుస అయితే 15.4 ఆంపియర్-గంటలు. ఇక్కడ ఆగిపోయి మార్కెట్లో దొరికే 18 ఆంపియర్-గంటల బ్యాటరీలు కొనడం తరచూ జరిగే పొరపాటు.

లెడ్-యాసిడ్ బ్యాటరీ మీద రాసిన అంకె 20 గంటలపాటు నెమ్మదిగా వాడితే వచ్చేది. గంటన్నరలో గుంజితే దానిలో సుమారు 60 శాతమే అందుతుంది. 18 అని రాసినది 10.8 మాత్రమే ఇస్తుంది, దీపాలు దాదాపు 63 నిమిషాలకు ఆరిపోతాయి. 26 ఆంపియర్-గంటల బ్యాటరీ పెడితే సుమారు 91 నిమిషాలు వస్తుంది. కొత్తలో పరీక్ష పాసవుతుంది, కాగితం మీద అంతా సవ్యమే. కానీ బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి పడిపోయే దాకా వాడటం వాడుక. ఆ స్థితిలో అదే వరుస 73 నిమిషాలే నిలుస్తుంది.

కనుక వయసు తగ్గుదలకు 1.25 రెట్లు కలపాలి. 15.4ను 0.6తో భాగిస్తే 25.7, దాన్ని 1.25తో గుణిస్తే 32. మార్కెట్లో తర్వాతి సైజు 42. అది కొత్తలో రెండున్నర గంటలకు దగ్గరగా, 80 శాతం వద్ద కూడా సుమారు రెండు గంటలు నిలుస్తుంది. కొత్తలో పాసవడానికి, చివరి రోజున పాసవడానికి మధ్య ఉన్న తేడా ఈ సైజు ఎంపికలోనే ఉంది.

వేడి ఈ లెక్కను తారుమారు చేస్తుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉండే చోటు ప్రతి 10 డిగ్రీలు వేడెక్కితే ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. తెలుగు రాష్ట్రాల వేసవిలో గాలి ఆడని బ్యాటరీ గది 40 డిగ్రీలు దాటడం మామూలే. ఐదేళ్లు నడవాల్సినవి రెండేళ్లకే డీలా పడితే కంపెనీని అనుమానించేముందు గదిలో థర్మామీటర్ పెట్టి చూడాలి.

వ్యవధి పరీక్ష

నెలకోసారి చేసే చిన్న పరీక్ష, ఏడాదికోసారి చేసే పూర్తి పరీక్ష వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. అమెరికా ప్రమాణంలో నెలవారీ పరీక్ష 30 సెకన్లు, వార్షిక పరీక్ష 90 నిమిషాలు. దీపం మీది టెస్ట్ బటన్ నొక్కితే అది వెలుగుతుందని మాత్రమే తెలుస్తుంది, ఎంతసేపన్నది తెలియదు. దాదాపు చచ్చిపోయిన బ్యాటరీ కూడా అర నిమిషం దీపం వెలిగించగలదు.

పూర్తి పరీక్షకు మెయిన్ స్విచ్ ఆపాల్సిన పని లేదు, ఆపకూడదు కూడా. ఆ అంతస్తు మామూలు దీపాలకు కరెంటిచ్చే స్థానిక ఎంసీబీని ఆపాలి. భవనానికి కరెంటున్నా ఒక్క అంతస్తులో పోయినప్పుడు అత్యవసర దీపాలు వెలుగుతాయో లేదో అలా తేలుతుంది. చాలా మాల్స్‌లో మెయిన్ పోతేనే వెలిగేలా వైరింగ్ ఉంటుంది. అసలు ప్రమాదం మాత్రం ఎక్కువగా ఒక అంతస్తులోనే మొదలవుతుంది.

దీపాలు వెలిగాక 10, 30, 60, 90 నిమిషాలకు వోల్టేజ్ రాసుకోవాలి. వరుస మొత్తం వోల్టేజ్ రాస్తే సరిపోదు, ఒక్కో బ్యాటరీది విడిగా కొలవాలి. ఉదాహరణకు నాలుగు 12 వోల్ట్ల బ్యాటరీల వరుసలో 60వ నిమిషానికి 12.0, 11.9, 12.0, 10.2 వచ్చాయనుకోండి. మొత్తం 46.1 వోల్ట్లు. ఇన్వర్టర్ ఆగే హద్దు 42 కాబట్టి మీటరు చూసినవారికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ నాలుగో బ్యాటరీ తన 10.5 వోల్ట్ల హద్దు కిందకి అప్పటికే జారిపోయింది. మిగతా మూడూ దాన్ని బలవంతంగా లాగుతున్నాయి. అది ఇంకా పాడవుతుంది, వచ్చే ఏడాది వరుస మొత్తాన్ని కూలుస్తుంది. అదొక్కటి మారిస్తే చాలనుకోవడం కూడా సరికాదు. పాత వరుసలో కొత్త బ్యాటరీ కలిస్తే ఛార్జింగ్ సరిగా పంచుకోదు. వయసు మీరిన వరుస అయితే నాలుగూ మార్చడమే మేలు.

చివరి నిమిషాల్లో ఒకరు దారి మొత్తం నడిచి ఆరిపోయిన దీపాల నంబర్లు రాసుకోవాలి. వెలుగు తగ్గుతుందేమో లక్స్ మీటర్‌తో రెండు దీపాల మధ్య కొలవాలి.

పరీక్ష ఎప్పుడు చేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ దీనిలోనే ఎక్కువమంది తడబడతారు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి 24 గంటలు పట్టవచ్చు. రాత్రి 11 గంటలకు మొదలుపెట్టి 12:30కు ముగిస్తే, ఉదయం 10 గంటలకు షట్టర్లు ఎత్తేనాటికి బ్యాటరీ సగంలో ఉండవచ్చు. ఆ రోజు ప్రమాదం జరిగితే వ్యవస్థ ఉన్నా లేనట్టే. పరిష్కారం దీపాల అమరికలోనే ఉంది. రెండు సర్క్యూట్లకు వేర్వేరు బ్యాటరీ వరుసలుంటే, ఒకదాన్ని ఈ వారం, రెండోదాన్ని వచ్చే వారం పరీక్షించాలి. మల్టీప్లెక్స్ ఆఖరి ఆట వదిలాకే మొదలుపెట్టాలి. పై అంతస్తు జనం కింది అంతస్తుల మీదుగానే బయటికి వెళ్తారు.

దాగి ఉండే లోపం

ఒక లోపం మాల్స్‌లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సొంత బ్యాటరీ ఉన్న దీపాలను, రాత్రి షట్టర్ వేసేటప్పుడు ఆపే ఎంసీబీకి కలిపేస్తారు. సిబ్బంది స్విచ్ ఆపగానే దీపం కరెంటు పోయిందనుకుని వెలుగుతుంది, బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా ఖాళీ మాల్‌కు వెలుగిస్తుంది. ఇది ప్రతి రాత్రీ జరుగుతుంది. బ్యాటరీ ఏడాది తిరక్కుండానే చస్తుంది, బతికున్నన్నాళ్లూ ఉదయం వేళ దాదాపు ఖాళీగానే ఉంటుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. అదే దీపం టెస్ట్ బటన్‌ను ఉదయం తెరిచే వేళ, సాయంత్రం రద్దీ వేళ నొక్కి చూడాలి. ఉదయం నీరసంగా, సాయంత్రం బాగా వెలిగితే లోపం బ్యాటరీలో కాదు, వైరింగ్‌లో ఉంది. ఛార్జింగ్ లైన్‌ను ఎప్పుడూ ఆపని సర్క్యూట్‌కు మార్చాలి. కొత్త బ్యాటరీలు ఎన్ని వేసినా అంతవరకు ఫలితం ఉండదు.

నియంత్రణ, రికార్డు

ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999లో వచ్చింది, తెలంగాణ దాన్ని అనువర్తింపజేసుకుంది. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) ఇచ్చేటప్పుడు జాతీయ భవన నిర్మాణ స్మృతి కొలమానంగా ఉంటుంది. పత్రం వచ్చిన తర్వాత వ్యవస్థను పనిచేసేలా ఉంచాల్సింది భవన యాజమాన్యమే. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు మరణించాక వాణిజ్య భవనాల తనిఖీ మరోసారి చర్చకు వచ్చింది.

పరీక్ష రికార్డులో తేదీ, సర్క్యూట్ పేరు, మొదలైన సమయం, నాలుగు దశల వోల్టేజీలు, గది ఉష్ణోగ్రత, ఆరిపోయిన దీపాల నంబర్లు, వాటిని సరిచేసిన తేదీ, చేసినవారి సంతకం ఉండాలి. ‘అన్నీ సరిగ్గా ఉన్నాయి’ అని ఒక్క ముక్క రాసిన పుస్తకంతో బ్యాటరీ గత ఏడాదికన్నా ఎన్ని నిమిషాలు తగ్గిందో ఎవరూ చెప్పలేరు. తనిఖీకి వచ్చిన అధికారి ముందుగా అడగాల్సింది 90వ నిమిషం దగ్గర రాసిన వోల్టేజ్ అంకె.